హన్నా కుట్టిన చిన్న అంగీ
(బిడ్డల ప్రతిష్ఠ ఆరాధనలో తల్లిదండ్రులకు సంఘకాపరి చెప్పిన మాటలు)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

ఈ ఉదయం ముందు వరుసలో మూడు కుటుంబాలు కూర్చున్నాయి. బెంగళూరు నుంచి రాత్రి బస్సుకు ఒంగోలులో దిగి నేరుగా ఇక్కడికి వచ్చారు కిరణ్, దీనా. వాళ్ళ బాబు ఆరోన్‌కు ఐదో నెల. పొగాకు గ్రేడింగ్ పని మానుకుని వచ్చారు రూతమ్మ, ఇమ్మానుయేలు. వాళ్ళకు ఇది మూడో బిడ్డ. ఇటు పక్కన శాంతి, వాళ్ళమ్మ మరియమ్మగారు, ఒడిలో బ్లెస్సీ. బ్లెస్సీ నాన్న ప్రసాద్ కువైట్‌లో ఉన్నాడు, వీడియో కాల్‌లో చూస్తున్నాడు. వందనాలు బాబూ ప్రసాద్. ఇక్కడి మాట సరిగా వినపడకపోతే శాంతి రాత్రికి చెబుతుందిలే.

ఈ రోజు మనం చేస్తున్నది ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి, ఎందుకంటే బంధువుల్లో కొత్తవాళ్ళు ఉన్నారు. ఇది బాప్తిస్మం కాదు. ఈ బిడ్డల మీద మనం నీళ్ళు చల్లడం లేదు. వీళ్ళు పెరిగి, తెలుసుకుని, తమ నోటితో తామే యేసును ఒప్పుకున్న రోజున నీళ్ళలోకి దిగుతారు. అది వాళ్ళ నిర్ణయం. ఇవాళ మాట ఇవ్వాల్సింది బిడ్డ కాదు, మీరు. బిడ్డను దేవుని చేతుల్లో పెట్టి, ఆయన దగ్గర నుంచి పెంపకానికి మళ్ళీ తీసుకుంటున్నారు. ఇంటికి తీసుకెళ్ళేది అదే బిడ్డనే. కానీ ఇకమీద ఆ బిడ్డ దేవుడు మీకు అప్పగించిన బిడ్డ.

సమూయేలు మొదటి గ్రంథంలో హన్నా సంగతి మీకందరికీ తెలుసు. బిడ్డలు లేక ఏడ్చింది, షిలోహులో మందిరం దగ్గర పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థించింది, యాజకుడైన ఏలీ ఆమెను చూసి తాగి ఉందనుకున్నాడు. దేవుడు బిడ్డనిచ్చాడు. పాలు విడిచాక ఆ బిడ్డను మందిరానికి తెచ్చి అక్కడే వదిలింది. ప్రతిష్ఠ ఆరాధన అనగానే మనం ఈ భాగమే చదువుతాం, ఇక్కడే ఆపేస్తాం. నేను మిమ్మల్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్ళాలనుకుంటున్నాను. రెండో అధ్యాయం పంతొమ్మిదో వచనం. సమూయేలు తల్లి ఏటేటా బలి అర్పించడానికి వచ్చేటప్పుడు వాడికి ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చి ఇచ్చేదట.

ఈ ఒక్క వచనం మీద నేను చాలా రోజులు ఆగిపోయాను. కొడుకు దగ్గర లేడు. కొలత తీసుకోవడానికి వీల్లేదు. పోయినేడు ఇంత ఉన్నాడు, ఈ ఏడు భుజాలు ఎంత వచ్చుంటాయో, చేతులు ఎంత సాగుంటాయో అని ఇంట్లో కూర్చుని తలుచుకుంటూ కుట్టి ఉంటుంది. దేవునికి ఇచ్చేశాను, ఇక నా పని అయిపోయిందని ఆ తల్లి అనుకోలేదు. ప్రతి ఏడూ కొత్తది కుట్టింది.

ఇందాక బ్లెస్సీని ఎత్తుకున్నప్పుడు ఆ గౌను చూసి అడిగాను. వాళ్ళ నాన్న కువైట్‌లో అంచనాగా కొని పంపాడట, కొంచెం వదులైంది, పిన్నీసులు పెట్టామని శాంతి చెప్పింది. ప్రసాద్, నాకు వెంటనే హన్నా గుర్తొచ్చింది. దూరాన ఉండి కూడా బిడ్డ ఎంత పెరిగిందో ఊహించుకునే మనసు నీకు దేవుడిచ్చాడు. బట్టల విషయంలో చేసిన ఆ పనే విశ్వాసం విషయంలోనూ చెయ్యి. రోజూ ఫోన్ చేస్తావు కదా. తిన్నదా, పడుకుందా అని అడిగాక, పెట్టేసే ముందు బిడ్డ పేరు పెట్టి ఒక్క నిమిషం ప్రార్థన చెయ్యి. ఇప్పుడు ఆమెకు అర్థం కాదు. కానీ నాన్న గొంతు అంటే ప్రార్థన చేసే గొంతు అని ఆమెకు మాటలు రాకముందే తెలిసిపోతుంది.

విశ్వాసం కూడా ఆ అంగీ లాంటిదే. మూడేళ్ళ బిడ్డకు కుట్టింది పదమూడేళ్ళ బిడ్డకు పట్టదు. మనం చేసే పొరపాటు ఎక్కువగా ఇక్కడే. చిన్నప్పుడు సండే స్కూల్‌లో నోవహు ఓడ, దానియేలు సింహాల గుహ నేర్పిస్తాం, క్రిస్మస్‌కు కంఠత వాక్యం చెప్పించి చప్పట్లు కొడతాం. పదో తరగతికి వచ్చేసరికి ట్యూషన్ ఉంది, పరీక్షలున్నాయి అని ఆదివారం గుడి మాన్పిస్తాం. ఇంటర్‌కు హాస్టల్లో వేస్తాం. సరిగ్గా ఆ వయసులోనే వాళ్ళకు అసలైన ప్రశ్నలు వస్తాయి. దేవుడు మంచివాడైతే అమ్మమ్మకు ఆ జబ్బు ఎందుకొచ్చింది? నా స్నేహితుడు వేరే దేవుణ్ణి పూజిస్తాడు, వాడూ మంచివాడే కదా? అప్పుడు మన దగ్గర ఏముంటుంది? నోవహు ఓడ బొమ్మ. బిడ్డ పెరిగాడు, అంగీ పెరగలేదు.

అలాంటి ప్రశ్న వచ్చిన రోజున "నోరు మూసుకో, దేవుణ్ణి ప్రశ్నిస్తావా" అనకండి. కీర్తనల్లో దావీదు ఎన్నిసార్లు "ఎందుకు ప్రభువా" అని అడగలేదు? తెలియకపోతే తెలియదని చెప్పండి. "నాకూ తెలియదమ్మా, ఇద్దరం కలిసి అడుగుదాం, చదువుదాం" అనండి. ఆ మాట విన్న పిల్లలు మళ్ళీ మీ దగ్గరకే వస్తారు. గద్దింపు తిన్న పిల్లలు వేరే చోటు వెతుక్కుంటారు.

ఇంకొకటి, దయచేసి దేవుణ్ణి బూచివాణ్ణి చేయకండి. అన్నం తినకపోతే యేసయ్య కొడతాడు, అబద్ధం చెబితే కళ్ళు పోతాయి, ఇలాంటివి మన ఇళ్ళల్లో అలవాటుగా అనేస్తాం. పసిబిడ్డలను తల్లులు తీసుకొస్తే శిష్యులు గద్దించారు, యేసు మాత్రం కోపపడి వాళ్ళను రానివ్వమన్నాడు, ఎత్తి కౌగిలించుకున్నాడు. ఆ ప్రభువు పేరు చెప్పి బిడ్డను భయపెడితే మనం ఆ శిష్యుల పక్షాన నిలబడ్డట్టే.

ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలీయులకు ఏం చెప్పాడు? ఈ మాటలు ముందు నీ హృదయంలో ఉండాలి అన్నాడు. ఆ తర్వాతే పిల్లలకు నేర్పించమన్నాడు. ఎప్పుడు? ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. వీటిలో గుడి పేరు లేదు చూశారా. నేను వారానికి గంటన్నర మాట్లాడతాను. మిగతా గంటలన్నీ మీవే. ఇంట్లో మంచం మీద కూర్చుని ఫోన్‌లో "నేను ఒంగోలులో ఉన్నానండీ, రేపిస్తాను" అని చెప్పే నాన్నను బిడ్డ చూస్తాడు. అది కూడా పాఠమే. గొడవపడ్డ తోడికోడలి ఇంటికి జ్వరమని తెలిసి గంజి పట్టుకెళ్ళే అమ్మను కూడా చూస్తాడు. అదీ పాఠమే.

నా ఇంట్లో జరిగింది ఒకటి మీ ముందు ఒప్పుకుంటాను. మా అమ్మాయి ఆరేడేళ్ళప్పుడు రాత్రి కుటుంబ ప్రార్థన చాలాసేపు చేసేవాణ్ణి. కునుకు తీస్తే గట్టిగా కసిరేవాణ్ణి. కొన్నాళ్ళకు ఒక సంగతి గమనించాను. నేను బైబిల్ చేతిలోకి తీసుకోగానే పాప లేచి వంటింట్లోకి వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళిపోతోంది. నా బిడ్డకు బైబిల్ అంటే నా కోపం గుర్తొస్తోందని అప్పుడు అర్థమై ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు దగ్గర కూర్చోబెట్టుకుని "నాన్న తప్పు చేశాడమ్మా, నన్ను క్షమించు" అన్నాను. "తండ్రులారా, మీ పిల్లలకు కోపం రేపకండి" అని పౌలు ఎఫెసీయులకు రాసింది నేను ఎన్నోసార్లు ప్రసంగించాను, ఇంట్లో పాటించలేదు. ఇప్పుడు ఆమె పెళ్ళయి వెళ్ళింది. నా ప్రసంగాలు ఎన్ని గుర్తున్నాయో తెలియదు గానీ, ఆ రోజు నేను క్షమాపణ అడిగింది మాత్రం ఆమె మరచిపోలేదు. పది నిమిషాల ప్రార్థన చాలు. ఒక పాట చరణం, నాలుగు వచనాలు, బిడ్డల పేర్లు. పాలు తాగుతూ నిద్రపోతే పోనివ్వండి.

శాంతీ, మరియమ్మగారూ, మీరిద్దరూ ఆ బిడ్డను మధ్యలో పెట్టుకుని కూర్చుంటే తిమోతి ఇల్లు కనపడుతోంది నాకు. తిమోతి నాన్న గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యాల్లో ఉంది, ఆయన పేరు కూడా లేదు. కానీ అవ్వ లోయి పేరు, అమ్మ యునీకే పేరు పౌలు రాశాడు. ఆ నిష్కపటమైన విశ్వాసం ముందు వాళ్ళిద్దరిలో ఉండి, తర్వాత తిమోతిలోకి వచ్చిందన్నాడు. అవ్వలూ తాతలూ, మీ పని అయిపోలేదు. అమ్మానాన్నా కూలికో ఆఫీసుకో వెళ్ళినప్పుడు బిడ్డ మీ ఒళ్ళోనే ఉంటుంది. అప్పుడు చేతికి ఫోన్ ఇవ్వకండి. దేవుడు మిమ్మల్ని ఎలా దాటించాడో ఆ కథ చెప్పండి.

మనకు చెప్పుకోవడానికి కథ లేకపోలేదు. 1876 నుంచి 1878 దాకా మన ప్రాంతాన్ని ఎండగట్టిన కరువులో మన పెద్దలు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కూలి చేసి బతికారు. ఒంగోలులో సేవ చేసిన మిషనరీ క్లౌ దొర ఆ పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వాళ్ళకు పని చూపించాడు. కూలి కోసం దేవుణ్ణి ఒప్పుకున్నారన్న మాట రాకూడదని, కరువు పని నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజును మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అయితే జూలై నాలుగున ఏం జరిగిందో ఆలోచించండి. వాళ్ళు తమ తమ పల్లెలకు నడిచి వెళ్ళారు. చాలామందికి చదువు రాదు. విన్నది బిడ్డలకు చెప్పారు, పాడింది బిడ్డలతో పాడించారు. అలా పూరి గుడిసెల్లో, నూనె దీపాల కింద చెప్పుకుంటూ వస్తే ఈ గుడిలో మనం కూర్చున్నాం.

చివరగా ఒక కష్టమైన మాట. అన్నీ సరిగా చేసినా బిడ్డ దారి తప్పవచ్చు. ప్రతిష్ఠితుడైన సమూయేలు కొడుకులే లంచాలు తిన్నారని అదే గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో ఉంది. ఈ గుడిలో కూడా రాని కొడుకు కోసం, మాట్లాడని కూతురు కోసం వెనుక బెంచీల్లో కూర్చుని ఏడ్చే తల్లులు ఉన్నారు, నాకు తెలుసు. వాళ్ళ వైపు ఎవరూ వేలు చూపించవద్దు. తప్పిపోయిన కుమారుడి తండ్రి పెంపకాన్ని యేసు తప్పు పట్టలేదు. ఆ తండ్రి దారి వైపు చూస్తూ ఉన్నాడు, కొడుకు దూరంగా ఉండగానే పరుగెత్తాడు. అమ్మా, మీరు కుడుతూనే ఉండండి, వాడు వచ్చేసరికి వేసుకోవడానికి ఉంటుంది.

ఇప్పుడు తల్లిదండ్రులు బిడ్డలను ఎత్తుకుని ముందుకు రండి. మరియమ్మగారూ, మీరు కూడా రావాలి. శాంతీ, ఫోన్ ఇటు తిప్పి పట్టుకో, ప్రసాద్ కూడా జవాబు చెప్పాలి.

ఈ బిడ్డ దేవుడు మీకు అప్పగించిన బిడ్డ అని ఒప్పుకుంటున్నారా? మీ ఇంట్లో వాక్యం చదివి, ప్రార్థన చేసి, మీరు తప్పు చేసినప్పుడు బిడ్డ ముందు కూడా ఒప్పుకుని, ప్రభువు ప్రేమను చూపిస్తారా? బిడ్డ తనకు తానుగా ఆయన్ను ఎన్నుకునే రోజు కోసం బలవంతం లేకుండా, విసుగు లేకుండా కనిపెడతారా? అయితే "దేవుని సహాయంతో అలాగే చేస్తాం" అని చెప్పండి.

సంఘమంతా లేచి నిలబడండి. మరియ, యోసేపు బిడ్డను దేవాలయానికి తెచ్చినప్పుడు ముసలివాడైన సుమెయోను చేతుల్లోకి తీసుకున్నాడు, అన్న ప్రవక్త్రి స్తుతించింది. ఈ ముగ్గురు బిడ్డలకు మీరు సుమెయోనులుగా, అన్నలుగా ఉంటారా? ఆరాధనలో వాళ్ళు ఏడిస్తే వెనక్కి తిరిగి చూడకుండా, సండే స్కూల్‌కు టీచర్లు కావాలంటే వెనకాడకుండా, వాళ్ళ పేర్లు మీ ప్రార్థనలో పెట్టుకుంటారా? అయితే మీరూ "దేవుని సహాయంతో అలాగే చేస్తాం" అనండి.

ఆ ఫ్యాన్ కాస్త ఇటు తిప్పండి, బాబుకు చెమట పడుతోంది. రా దీనా, ముందు ఆరోన్‌ను ఇలా ఇవ్వమ్మా. ప్రార్థన చేద్దాం.