వార్షిక సర్వసభ్య సమావేశం నోటీసు

ఫ్లాట్ ఓనర్ల సంక్షేమ సంఘం, కూకట్‌పల్లి, హైదరాబాద్
తేదీ: 4 జులై 2025

సంఘ సభ్యులందరికీ,

2024-25 సంవత్సరానికి మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశం 27 జులై 2025, ఆదివారం ఉదయం 10.30 గంటలకు, సెల్లార్‌లో బి-బ్లాక్ లిఫ్ట్ ముందు జరుగుతుంది. నోటీసు ఇచ్చిన రోజు, సమావేశం రోజు కాకుండా 21 రోజుల గడువు ఉండాలని మన బైలాస్ చెబుతున్నాయి. 13న సికింద్రాబాద్, 20న లాల్ దర్వాజా బోనాలు కాబట్టి ఆ ఆదివారాలు ఎలాగూ కుదరవు.

చర్చకు వచ్చే అంశాలు:

1. గత ఏడాది సమావేశం మినిట్స్ ఆమోదం.

2. ఆడిట్ అయిన 2024-25 లెక్కల ఆమోదం. 96 ఫ్లాట్ల నుంచి నెలకు రూ.3,000 చొప్పున రూ.34,56,000 రావాలి. వచ్చింది రూ.32,10,000. మిగిలిన రూ.2,46,000 ఎవరెవరి దగ్గర ఉందో లెక్కల కాపీలో ఫ్లాట్ నంబర్లతో ఉంది. కాపీ వాచ్‌మన్ దగ్గర తీసుకోవచ్చు.

3. వచ్చే ఏడాదికి ఆడిటర్ నియామకం.

4. నీళ్లు. మార్చి ఒక్క నెలలోనే 118 ట్యాంకర్లు తెప్పించాం. రాత్రి రెండు గంటలకు ట్యాంకర్ వస్తే సంపు మూత ఎవరు తీయాలన్న గొడవ అందరికీ గుర్తుండే ఉంటుంది. రెండో బోరు, నాలుగు ఇంకుడు గుంతలకు కలిపి రూ.4,80,000 అంచనా వచ్చింది. ఫ్లాటుకు రూ.5,000 చొప్పున ఒకేసారి వసూలు చేయాలని కమిటీ ప్రతిపాదన. మూడు కొటేషన్లూ సమావేశంలో చూపిస్తాం.

5. మెయింటెనెన్స్ ఆగస్టు నుంచి రూ.3,400కు పెంపు.

6. ఏడుగురు సభ్యుల కొత్త కమిటీ ఎన్నిక. నామినేషన్లు 20 జులై సాయంత్రం 6 గంటల్లోగా ఆఫీసు రూములో ఇవ్వాలి. ఎన్నికైనవారి జాబితాను 15 రోజుల్లో రిజిస్ట్రార్‌కు పంపాలి కనుక, గెలిచినవారు ఆధార్ కాపీ ఆ రోజే ఇవ్వాలి.

7. అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు. ఏదైనా చేర్చాలనుకుంటే 13 జులైలోగా రాతపూర్వకంగా ఇవ్వండి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్‌లు అజెండాలోకి రావు.

కోరం 32 మంది. ఉదయం 11 గంటల వరకు అంతమంది రాకపోతే సమావేశాన్ని వాయిదా వేసి, అదే చోట 11.30కు మళ్లీ మొదలుపెడతాం. అప్పుడు కోరంతో పని లేదు. వచ్చినవారు తీసుకున్న నిర్ణయమే అందరికీ వర్తిస్తుంది. గత ఏడాది 19 మందే వచ్చారు, ఆ తర్వాత ఆరు నెలలు అభ్యంతరాలు వింటూనే ఉన్నాం.

ఫ్లాటుకు ఒకే ఓటు. ఓనరు రాలేకపోతే సంతకం చేసిన లెటర్‌తో కుటుంబ సభ్యుల్లో ఒకరిని పంపవచ్చు. మూడు నెలలకు మించి బకాయి ఉన్నవారు వచ్చి మాట్లాడవచ్చు కానీ ఓటు ఉండదు. అద్దెకుంటున్నవారు నీళ్ల విషయం చెప్పుకోవాలంటే నిరభ్యంతరంగా రావచ్చు.

బి-బ్లాక్ సెల్లార్‌లో కార్లు, బండ్లు పెట్టేవారు ఆ రోజు ఉదయం 9 గంటలకల్లా బయటకు తీయాలి. సమావేశం అయ్యాక టిఫిన్ ఉంటుంది.

కార్యనిర్వాహక కమిటీ తరఫున,
(సం.)
సెక్రటరీ