విషయం: నవంబరు 3 ఉదయం 10 గంటల ఇంటర్వ్యూకు హాజరు కాలేకపోయినందుకు క్షమాపణ, మరొక అవకాశం కోసం విన్నపం

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారాలు.

బాలల పుస్తకాల విభాగంలో సహాయ సంపాదకురాలి ఉద్యోగానికి ఈరోజు, అంటే 2025 నవంబరు 3, సోమవారం ఉదయం 10 గంటలకు మీరు ఏర్పాటు చేసిన వీడియో ఇంటర్వ్యూకు నేను సమయానికి రాలేకపోయాను. మీరూ, మీతోపాటు కూర్చున్న మిగతా ఇద్దరు సంపాదకులూ పనులు పక్కన పెట్టి నా కోసం ఎదురుచూడవలసి వచ్చినందుకు మీ ముగ్గురికీ మనస్ఫూర్తిగా క్షమాపణ చెప్పుకుంటున్నాను.

జరిగింది జరిగినట్టు చెబుతాను. నేను ప్రస్తుతం అమెరికాలోని డాలస్‌లో ఉంటున్నాను. అక్టోబరు 24న మీ మెయిల్ అందిన వెంటనే, అప్పటికి ఇక్కడికీ భారతదేశానికీ ఉన్న పదిన్నర గంటల తేడా ప్రకారం లెక్క వేసి, ‘ఆదివారం రాత్రి 11.30’ అని కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించుకున్నాను. అయితే ఇక్కడ ఏటా నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. ఈ ఏడాది ఆ రోజు సరిగ్గా నిన్ననే వచ్చింది. దాంతో తేడా పదకొండున్నర గంటలైంది, మీ ఉదయం 10 గంటలు నాకు రాత్రి 10.30 అయ్యాయి. ఫోనులో సమయం దానంతటదే మారింది కానీ, గోడ మీది కాగితం మారలేదు, దాన్ని సరిచూసుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు. ఇక్కడికి వచ్చి నాలుగేళ్లయింది కనుక ఈ మార్పు తెలియదని చెప్పే వీలు కూడా నాకు లేదు.

మూడేళ్ల మా పాప నిద్రపోతోందని ఫోను సైలెంట్‌లో పెట్టి, పక్క గదిలో మీరు పంపిన నమూనా రాతప్రతిని చివరిసారిగా చదువుకుంటూ కూర్చున్నాను. అందువల్ల మీ కార్యాలయం నుంచి 10.05కు, 10.12కు వచ్చిన రెండు కాల్స్ నాకు వినపడలేదు. మీ గడియారంలో 11 గంటలకు లింకు తెరిచి, ఎవరూ లేకపోతే మీకే ఆలస్యమైందేమో అనుకుని పావుగంట కూర్చున్నానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆ తర్వాతే మిస్డ్ కాల్స్, మీ మెయిల్ చూశాను. తిరిగి ఫోను చేసి మీ పనికి మళ్లీ అడ్డు రావడం బాగుండదనిపించి, వెంటనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పిల్లల పుస్తకాలలో అంకెలు, తేదీలు తప్పు పోకుండా చూడడం ఈ ఉద్యోగంలో ముఖ్యమైన భాగమని మీ ప్రకటనలోనే ఉంది. ఆ నమూనాలో సూర్యకాంతి భూమిని చేరడానికి పట్టే సమయం ఒకచోట ‘8 నిమిషాలు’ అని, మరొకచోట ‘8 సెకన్లు’ అని ఉంటే రెండోదాన్ని పట్టుకుని దిద్దిన నేను, నా గోడ మీది అంకెను దిద్దుకోలేకపోయాను. దీన్ని చూసి నా జాగ్రత్త మీద మీకు అనుమానం కలిగితే అది సబబే. అయినా నా పనిని కూడా చూసి నిర్ణయించమని కోరుతూ, దిద్దిన నాలుగు పేజీలనూ జతచేస్తున్నాను. ‘వాళ్ళు’, ‘వాళ్లు’ రెండూ కలగలిసి ఉన్నచోట మీ సంస్థ పాటించే పద్ధతి తెలియక దేన్నీ మార్చలేదు, అంచులో గుర్తు మాత్రం పెట్టాను.

వీలైతే దయచేసి నాకు మరొకసారి ఇంటర్వ్యూ అవకాశం ఇప్పించండి. మీ కార్యాలయ వేళల్లో, ఉదయం 9.30 నుంచి సాయంత్రం 6 వరకు, ఏ రోజు ఏ సమయం చెప్పినా సిద్ధంగా ఉంటాను. ఇక్కడ అర్ధరాత్రి అవుతుందేమోనని మీరు ఆలోచించనవసరం లేదు. మార్చి 8 వరకు ఈ పదకొండున్నర గంటల తేడా మారదు, అయినా ఈసారి ఫోను క్యాలెండరులో భారత కాలమానం ప్రకారమే నమోదు చేసుకుని, ముందురోజు మీకు మెయిల్‌లో ధ్రువీకరిస్తాను. ముగ్గురూ మళ్లీ కలిసి కూర్చోవడం కష్టమైతే, మీలో ఒక్కరు పదిహేను నిమిషాలు మాట్లాడినా చాలు. డిసెంబరు చివరి వారంలో మేము శాశ్వతంగా హైదరాబాదు తిరిగి వస్తున్నాం. అప్పటిదాకా ఈ ఖాళీ భర్తీ కాకపోతే కార్యాలయానికే వచ్చి కలవగలను.

ఇప్పటికే మరొకరిని ఎంపిక చేసి ఉంటే, లేదా ఈ కారణంగా నా దరఖాస్తును పక్కన పెట్టాలని నిర్ణయించి ఉంటే, ఆ మాట ఒక్క వాక్యంలో తెలియజేసినా కృతజ్ఞురాలిని. మిగతా ఇద్దరు సంపాదకులకూ, రెండుసార్లు ఫోను చేసిన మీ సిబ్బందికీ నా క్షమాపణను దయచేసి అందజేయగలరు.

భవదీయురాలు,
కె. మాధవి
డాలస్, భారత కాలమానం ప్రకారం నవంబరు 3, ఉదయం 11.50

జతచేసినది: దిద్దిన నమూనా రాతప్రతి, 4 పేజీలు