తప్పు చూపించండి మేడమ్, వాక్యం నేనే దిద్దుకుంటాను

హైదరాబాద్,
9 మార్చి 2026, సోమవారం.

శ్రీమతి వసుంధర మేడమ్ గారికి,
తెలుగు శాఖ.

విషయం: సిద్ధాంత వ్యాసం చిత్తుప్రతిలో వ్యాకరణ దోషాలను మాత్రమే గుర్తించమని మనవి.

మేడమ్, నమస్కారం.

నేను ఎం.ఏ. తెలుగు రెండో సంవత్సరం చదువుతున్న స్వాతిని. నిరుడు మీ దగ్గర బాలవ్యాకరణం చదువుకున్నాను. సమాసాలు చెప్పేటప్పుడు కిటికీ పక్క బెంచీలో కూర్చుని, ప్రతి ఉదాహరణకూ ఇంకొకటి చెప్పమని అడిగేదాన్ని.

ఈ ఉత్తరంతో పాటు నా సిద్ధాంత వ్యాసంలోని రెండు, మూడు, నాలుగు అధ్యాయాలు ఇస్తున్నాను. మొత్తం 64 పేజీలు. వీటిలో వ్యాకరణ దోషం ఎక్కడ కనిపిస్తే అక్కడ పెన్సిల్‌తో ఒక గీత గీయండి, అంతే చాలు. వాక్యాన్ని తిరగరాయవద్దని, విషయం మీద, శైలి మీద ఏమీ రాయవద్దని కోరుతున్నాను. చదువు చెప్పిన మేడమ్‌ను ఇది చేయండి, ఇది చేయకండి అని అడగడం నాకు చాలా ఇబ్బందిగా ఉంది. ఈ మాట ఎలా రాయాలో తెలియక రెండు రోజులు ఆగాను. కారణం మొత్తం చెబితే మీరు అర్థం చేసుకుంటారనే ధైర్యంతో రాస్తున్నాను.

నా వ్యాసం హైదరాబాద్, సికింద్రాబాద్ దర్జీల వృత్తి పదాల గురించి. మా నాన్న చిలకలగూడలో దర్జీ. నేను కుట్టుమిషన్ చప్పుడులో పెరిగాను. అస్తరు, కాజా, తురుపాయి, కచ్చాకుట్టు, గల్లా, నాడా, ఈ మాటలన్నీ బడికి పోకముందే నాకు తెలుసు. వీటిలో ఏది ఉర్దూ నుంచి వచ్చిందో, ఏది మనదో అప్పుడు తెలియదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని మన లైబ్రరీలో చూసినప్పుడు ఈ ఆలోచన వచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు అందులో వ్యవసాయ పదాలు కూర్చారు. తర్వాత చేనేత పదాలకూ ఒక సంపుటం వచ్చింది. రైతు మాటకూ నేతగాడి మాటకూ అంత గౌరవం దక్కినప్పుడు, ఆ నేసిన గుడ్డను కత్తిరించి కుట్టేవాళ్ల మాటలను కూడా ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా అనిపించింది. జనరల్ బజార్, బేగం బజార్, చిక్కడపల్లిలో 14 మంది దర్జీలతో మాట్లాడాను. అందరి మాటలూ ఫోనులో రికార్డు చేసి, విన్నది విన్నట్టు రాశాను.

అసలు సంగతి జనవరిలో జరిగింది. మాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు. భాష బాగా తెలిసినవారు, నా మీద ప్రేమతోనే మూడో అధ్యాయం ఫైలు తీసుకున్నారు. మూడు రోజుల్లో తిరిగి ఇచ్చారు. చదివితే వాక్యాలన్నీ నున్నగా ఉన్నాయి. నేను సంతోషంగా ప్రింటు తీసుకుని, ఒక ఆదివారం జనరల్ బజార్‌లో ఉన్న ఉస్తాద్ దగ్గరికి వెళ్లాను. ఆయన మా నాన్నకు పని నేర్పినవారు, వయసు 74. ఆయన చెప్పిన మాటలను ఆయనకే చదివి వినిపించి, సరేనంటే ఉంచాలని నా నియమం.

ఆయన అన్న మాట ఇది: "తురుపాయి ఏసినంకనే గుండీలు కుట్టాలె బిడ్డా. ముందుగాల గుండీలు కుడితె గుడ్డ గుంజుకుంటది."

నేను చదివిన కాగితంలో ఉన్నది ఇది: "తురుపాయి వేసిన తరువాతనే బొత్తాములు కుట్టవలెను. ముందుగా బొత్తాములు కుట్టినచో వస్త్రము ముడుచుకొనును."

ఉస్తాద్ సూదిలో దారం ఎక్కిస్తూ వింటున్నారు. చెయ్యి ఆపి, అద్దాలు పైకి జరిపి, "గిది నేనన్న మాట కాదు బిడ్డా. నేను బొత్తాములు అననే అన" అన్నారు. కోపంగా అనలేదు. పొరపాటున వేరే వాళ్ల అంగీ తన చేతికి ఇచ్చినట్టు అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మేడమ్, మూడో అధ్యాయంలో నేను వాదిస్తున్నదే ఆ మాట గురించి. బొత్తాం పోర్చుగీసు నుంచి మనకు వచ్చిన మాట. గుండీ వచ్చిన దారి వేరు. నేను మాట్లాడిన 14 మందిలో ఒక్కరు కూడా బొత్తాం అనలేదు. పైగా "గుంజుకుంటది" అంటే ముడుచుకోవడం కాదు. గుడ్డ ఒక పక్కకు లాగినట్టయి, పట్టీ వంకరపోతుంది. ఉస్తాద్ చేత్తో చూపించారు కూడా. దిద్దిన వాక్యంలో భాష బాగుంది కానీ పని తప్పుగా ఉంది. నేను సేకరించిన ఆధారమే అందులోంచి పోయింది.

ఆ రాత్రి రికార్డింగులు మళ్లీ మొదటి నుంచి విన్నాను. మూడో అధ్యాయంలో అలా మారిపోయిన చోట్లు 31 దొరికాయి. ఏది ఎక్కడ మారిందో ఫైలులో గుర్తు లేదు కాబట్టి ఒక్కొక్కటీ వింటూ సరిచేయడానికి పదకొండు రోజులు పట్టింది. నా సొంత వాక్యాల్లోనూ నేను రాయనివి చాలా ఉన్నాయి. మా గైడ్ సార్ ఒక పేరా చూపించి "ఈ వాక్యం నీదేనా?" అని అడిగితే వెంటనే అవునని చెప్పలేకపోయాను. వ్యాసం మొదట్లో 'ఇది నా స్వంత పరిశోధన' అని సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టేటప్పుడు నా మనసులో ఏ సందేహమూ ఉండకూడదు.

అందుకే మిమ్మల్ని గీత మాత్రమే అడుగుతున్నాను. గీత ఉంటే తప్పెక్కడో తెలుస్తుంది. ఎందుకు తప్పో వెతుక్కుని, నేనే దిద్దుకుంటాను. దాంతో ఆ తప్పు మళ్లీ చేయను.

నా తప్పులు కొన్ని నాకే దొరికాయి. వాటిని చెబితే మీకు దేనికోసం చూడాలో తెలుస్తుంది. అన్నిటికంటే ఎక్కువ క్త్వార్థకం దగ్గర పడిపోతున్నాను. 29వ పేజీలో "ఉస్తాద్‌ను అస్తరు గురించి అడిగి, ఆయన పాత షేర్వానీ విప్పి చూపించారు" అని రాశాను. అడిగింది నేను, చూపించింది ఆయన. కర్త మారినప్పుడు 'అడిగి' నిలవదని మీరు తరగతిలో చెప్పిందే. 'అడిగితే' అని మార్చుకున్నాను. ఇంకెన్ని ఉన్నాయో నా కంటికి ఆనడం లేదు. వాక్యం ఎలా ముగుస్తుందో నాకు ముందే తెలుసు కాబట్టి కన్ను దాటుకుపోతోంది. పొడుగు వాక్యాల్లో వచనం కూడా తప్పుతున్నాను. "దుకాణాల్లో వినిపించే మాటల్లో ఎక్కువ భాగం ఉర్దూ నుంచి వచ్చాయి" అని 41వ పేజీలో ఉండేది. భాగం వచ్చింది అనాలి కదా. ఇక ఫోనులో టైపు చేసిన పేజీల్లో 'అద్యయనం', 'విధ్యార్థి' లాంటి అక్షరదోషాలు మిగిలి ఉండొచ్చు. వాటికీ గీత పెట్టండి.

సమాసాల దగ్గర ఒక చిక్కు ఉంది. 18వ పేజీలో నేను 'వస్త్రదుకాణాలు' అని రాశాను. అది వైరి సమాసం, తీసేసి 'బట్టల దుకాణాలు' అని పెట్టాను. నా వాక్యాల్లో అలాంటిది ఇంకా ఎక్కడైనా ఉంటే గుర్తించండి. కానీ 'కచ్చాకుట్టు' కూడా అలా కలిసిన మాటే. అది దర్జీలు చేసుకున్న సమాసం, వాళ్ల నోట నిలిచిన మాట. దాన్ని అలాగే ఉండనివ్వండి.

దర్జీల మాటలు ఉన్న చోటల్లా పేరాను లోపలికి జరిపి, వెనక బూడిద రంగు వేశాను. ఆ బూడిద రంగు పేరాల్లో 'అచ్చిండు', 'కుట్టాలె', 'జెప్పిన', 'గిట్ల' అన్నీ ఉంటాయి. వాటికి గీత వద్దు మేడమ్. అవి దోషాలు కావు, వాళ్ల భాషకున్న వ్యాకరణం అవి. నా సొంత వాక్యాల్లో మాత్రం మా ఇంటి మాట అక్కడక్కడ నాకు తెలియకుండా దొర్లి ఉంటుంది. అది తప్పని నేను అనుకోను. కానీ వ్యాసం మొత్తం ఒక తీరున నడవాలి కాబట్టి అక్కడ గీత గీయండి. ఉంచాలో మార్చాలో గైడ్ సార్‌తో మాట్లాడి నిర్ణయించుకుంటాను.

'సేకరించబడినవి', 'చెప్పబడినది' లాంటివి మీకు నచ్చవని తెలుసు. రెండో అధ్యాయంలో చాలావరకు తీసేశాను, మిగతా రెండింటిలోనూ నేనే తీస్తాను. వాటి మీద మీ సమయం పెట్టకండి. ఒకే తప్పు పదేపదే వస్తుంటే మొదటిసారి మాత్రం సున్నా చుట్టండి, తక్కినవి నేను వెతుక్కుంటాను. ఎక్కడైనా విషయమే తప్పని మీకు గట్టిగా అనిపిస్తే, పేజీ మీద రాయకుండా కలిసినప్పుడు నోటిమాటగా చెప్పండి. తప్పకుండా వింటాను. విషయం వరకు గైడ్ సార్ మూడు అధ్యాయాలూ చూసి సరేనన్నారు. మిమ్మల్ని ఈ సాయం అడుగుతున్నానని ఆయనకు చెప్పే రాస్తున్నాను.

సార్‌కు ఈ నెల 27న, శుక్రవారం, సరిచేసిన ప్రతి ఇవ్వాలి. ఏప్రిల్ 6న బైండింగ్‌తో సమర్పించాలి. మీకు ఇంటర్నల్స్ పేపర్లు ఉన్నాయని తెలుసు. మూడు అధ్యాయాలూ కుదరకపోతే మూడో అధ్యాయం ఒక్కటే చూడండి, అది 23 పేజీలు. అందులోనే నా వాక్యాలు, వాళ్ల మాటలు ఎక్కువగా పక్కపక్కన వస్తాయి, తప్పులూ అక్కడే ఎక్కువ ఉంటాయని నా భయం. ఉగాది తర్వాత సోమవారం, అంటే 23న, మధ్యాహ్నం మూడు గంటలకు మీ గది దగ్గరికి వచ్చి కాగితాలు తీసుకోవచ్చా? అప్పటికి కాకపోతే మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను. అసలు వీలు కాదన్నా నేనేమీ అనుకోను. ఒక్క మాట చెబితే కాగితాలు వచ్చి తీసుకుంటాను.

ఇది రంజాన్ సీజను, ఉస్తాద్ దుకాణంలో రాత్రి పన్నెండు దాకా మిషన్లు ఆగడం లేదు. పండుగ అయ్యాక ఒకసారి రమ్మన్నారు. మీరు గుర్తించినవి దిద్దుకున్నాక, ఆయన చెప్పిన పేరాలన్నీ మళ్లీ చదివి వినిపించాలి.

ఇట్లు,
మీ విద్యార్థిని,
ఎం. స్వాతి,
ఎం.ఏ. తెలుగు, రెండో సంవత్సరం.

జత: రెండు, మూడు, నాలుగు అధ్యాయాల ప్రింటు (64 పేజీలు, ఒక పక్కనే ముద్రించినవి), రెండు పెన్సిళ్లు.