వీరేశు చదువు గురించి ఇంటికి ఉత్తరం

కోసిగి మండలం, కర్నూలు జిల్లా
22 నవంబరు 2025, శనివారం

వీరేశు అమ్మగారికి, నాన్నగారికి నమస్కారం.

ఉత్తరం కొంచెం పొడుగైంది. మీ పెద్దపాప చేత చదివించుకోండి. వాడు పక్కన లేనప్పుడే చదివించండి. పెద్దవాళ్లు తన చదువు గురించి మాట్లాడుకుంటుంటే పిల్లలకు మిగతాదేమీ తలకెక్కదు, ‘నాకు రాదంట’ అన్నదొక్కటే ఎక్కుతుంది.

ఉన్న మాట ముందే చెప్తాను. వీరేశు కూర్చునేది మూడో తరగతిలో. తెలుగు చదవడంలో మాత్రం ఒకటో తరగతి చివర్లో పిల్లలుండే చోట ఉన్నాడు. లెక్కల్లో అంత వెనకబడలేదు. మార్చి తర్వాత నాలుగో తరగతికి పంపిస్తాం, ఈ తరగతిలో ఎవర్నీ ఆపం. అలాగని ప్రోగ్రెస్ కార్డు చూసి నిశ్చింతగా ఉండొద్దు. నాలుగులో లెక్కలు, పరిసరాల విజ్ఞానం కూడా చదివి అర్థం చేసుకోవాలి. చదవడం రాకుంటే అన్నీ ఒకేసారి మీద పడతాయి.

“ఇంట్లో గడగడా చదువుతాడే” అని మీరనుకోవచ్చు. నిజమే, తరగతిలోనూ అలాగే చదువుతాడు. పక్కవాళ్లు చదువుతుంటే విని పాఠమంతా నోటికి పట్టేస్తాడు. బొమ్మ మీద చెయ్యి అడ్డంపెట్టి, మూడో వరుసలో నడిమి మాట చూపించి అడిగితే ఆగిపోతాడు. ఇంట్లో మీరూ ఒకసారి అలా అడిగి చూడండి.

జూన్‌లో బడి తెరిచినప్పుడు 56 అక్షరాల్లో 31 గుర్తుపట్టాడు. ఇప్పుడు 49. మిగిలిన ఏడింట్లో ఎక్కువ భాగం ఒకదాన్నొకటి పోలి ఉండేవే: ద–ధ, బ–భ, ప–ష లాంటివి. గుణింతాల్లో అప్పుడు ‘కా’ దాకా వచ్చేవి, ఇప్పుడు ‘కూ’ దాకా తడబడకుండా చెప్తున్నాడు. ‘కె, కే’, ‘కొ, కో’ దగ్గర ఇంకా కలిసిపోతున్నాయి. వత్తుల్లేని చిన్న మాటలు నిమిషానికి 14 చదువుతున్నాడు. తరగతిలో చాలామంది 40 దగ్గర ఉన్నారు. దూరం తక్కువేమీ కాదు. కాని ఐదు నెలల్లో ఒక్క నెల కూడా వెనక్కి జారలేదు.

అసలు చిక్కు వత్తుల దగ్గరుంది. ‘బొమ్మ’ అని రాసి చూపిస్తే ‘బొమ’ అంటాడు. పక్కన బొమ్మ కనిపించిందంటే వెంటనే సర్దుకొని ‘బొమ్మ’ అంటాడు. కింద రాసిన గుర్తును వాడి కన్ను లెక్కపెట్టడం లేదన్నమాట. దీనికో కారణముంది. గ, డ లాంటి వాటి వత్తులు చూస్తే ఆ అక్షరమే చిన్నదిగా కింద కూర్చున్నట్టు ఉంటుంది. త, న, మ, య, ర, ల వత్తులు అసలు అక్షరాన్ని పోలవు, విడిగా నేర్పితేనే వస్తాయి. వాటిని రెండో తరగతిలో జనవరి నుంచి మార్చి దాకా నేర్పుతాం. పోయినేడు ఆ మూడు నెలలూ వీరేశు మీతో సుగ్గికి గుంటూరు వైపు వచ్చాడు. మీరు తప్పు చేశారని ఈ మాట రాయడం లేదు. మిరప కోతకు పోకపోతే ఇక్కడ ఏడాది గడవదని ఈ మండలంలో ఎవరికి తెలియదు? వాడికి తగ్గింది తెలివి కాదు, ఆ మూడు నెలల పాఠమే. ఈ ఏడాది కూడా 104 పనిదినాల్లో 79 రోజులు వచ్చాడు. పోయినవాటిలో ఎక్కువ పత్తి ఏరే రోజులు.

ఇంకో మాట. పుస్తకంలో ‘ఎక్కడికి’ అని ఉంటే ఒకసారి ‘యాడికి’ అని చదివాడు. పిల్లలు నవ్వారు, నేను నవ్వలేదు. మాట అర్థమైతేనే అలా మార్చి చెప్పగలడు. మన ఇంటి మాట వాడికి అడ్డం కాదు, “బడి భాష మాట్లాడు” అని ఇంట్లో ఎవరూ గదమాయించొద్దు. చూపించాల్సింది అక్షరాన్ని మాత్రమే: ఇక్కడ ‘ఎ’ ఉంది, దీన్ని మనం ఇంట్లో ‘యా’ అంటాం, అంతే.

లెక్కల్లో వీడి తీరు చూస్తే మీకే ధైర్యం వస్తుంది. అంగట్లో 50 రూపాయలిచ్చి 18 రూపాయల సరుకు తెస్తే చిల్లర ఎంత అని అడిగితే వేళ్లు కూడా మడవకుండా 32 అంటాడు. అదే వాడు పలక మీద 27, 15 కూడితే 312 అని వేస్తాడు. ఏడు, ఐదు కలిపి పన్నెండు మొత్తం రాసేసి, రెండూ ఒకటీ మూడు పక్కన పెడతాడు. 42లో 17 తీయమంటే 35 అంటాడు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తాడు. పదులు, ఒకట్లు అనేది కాగితం మీద ఇంకా కుదరలేదు. చేతికి వస్తువిస్తే కుదురుతుంది, బడిలో పుల్లల కట్టలతో చేయించి చూశాను.

ఇక కన్ను. బోర్డు మీది మాట రాసుకునేటప్పుడు కళ్లు చికిలించి, పక్కవాడి పలకలోకి చూస్తున్నాడు. ముందు వరుసలోకి మార్చాను, కొంచెం నయం. పుస్తకం దగ్గర పెట్టుకున్నా వత్తులు తప్పుతున్నాడు కాబట్టి అంతా చూపు వల్లే అనలేం. అయినా చూపించేయాలి. ఇంట్లో క్యాలెండర్‌ను పది అడుగుల దూరంలో పెట్టి, ఒక్కో కన్ను మూసి పెద్ద అంకెలు చదివించండి. ఒక కంటితో తేడా వచ్చినా, రాకున్నా, ఈ నెలలోనే ఒకరోజు ఆదోని ప్రభుత్వ ఆస్పత్రిలో కంటి డాక్టరుకు చూపించండి. పోయే రోజు ముందే చెప్తే సెలవు చీటీ, నేను గమనించినవి రాసిన కాగితం ఇచ్చి పంపుతాను. చెవి సంగతీ అడగండి. వెనక నుంచి మెల్లగా పిలిస్తే పలుకుతున్నాడు గాని, ఒకసారి చూపిస్తే అనుమానం పోతుంది.

బడిలో జరుగుతున్నది: సోమవారం నుంచి రోజూ పొద్దున 20 నిమిషాలు నలుగురు పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి వత్తులు చెప్తున్నాను, వీరేశు అందులో ఒకడు. ప్రతి శనివారం 20 మాటల చీటీ చదివిస్తాను, ఎన్ని వచ్చాయో నోటుబుక్కు వెనక అట్ట మీద రాసి పంపుతాను. మొదటి వారం 6. రెండు వారాలకు రెండు పెరిగినా అది మంచి నడకే. ఒక్క వారం తగ్గిందని కంగారు పడొద్దు, మూడు వారాలు కదలకపోతే నేనే పిలుస్తాను.

ఇంట్లో రోజుకు పావుగంట చాలు. కూలికి పోయి వచ్చి అలిసిపోయి ఉంటారు, ఆ పని పెద్దపాపకు అప్పజెప్పండి. అన్నం తినకముందు చేస్తే మేలు, తిన్నాక నిద్రొస్తుంది.

పాత క్యాలెండర్ అట్టను ఆరు ముక్కలు కోసి ‘అత్త, అన్న, అమ్మ, కొయ్య, కర్ర, పిల్ల’ అని పెద్దగా రాయమనండి. ముందు వేలితో వత్తు మూసి చూపించాలి. ‘పిల’ అంటాడు. వేలు తీయాలి. ‘పిల్ల’ అనాలి. మూసి, తీసి, మూడుసార్లు. రెండూ వేరని చెవికి తెలిశాక ‘గుడి–గుడ్డి’ లాంటి జంటలు పెట్టండి. ఆరూ వరుసగా మూడు రోజులు తప్పు లేకుండా వచ్చాకే కొత్త అట్టలు. ఒక్కరోజులో ఇరవై చూపిస్తే అన్నీ కలిసిపోయి పాతవీ పోతాయి. తర్వాత పుస్తకంలో నాలుగే వరుసలు, వేలు కింద జరుపుతూ. తప్పు చదివితే వెంటనే సరిమాట అందించేయొద్దు. ఐదు లెక్కపెట్టేంతసేపు ఆగండి. సగం సార్లు వాడే దిద్దుకుంటాడు. దిద్దుకోకపోతే చెప్పి ముందుకు పోండి.

లెక్కకు చింతగింజలు. పదేసి చొప్పున పాత గుడ్డలో మూటలు కట్టండి. 27 అంటే రెండు మూటలు, ఏడు విడి గింజలు. 15 పక్కన పెట్టి కలిపితే విడి గింజలు 12 అవుతాయి. అందులో పదిని వాడి చేతే మూట కట్టించండి. మూటలు నాలుగు, విడివి రెండు: 42. ఆ మూట కట్టే పనే పలక మీద ‘పైన ఒకటి వేసుకో’ అనేది. తీసివేతకు మూట విప్పాలి. ఈ విప్పడం వాడే చేయాలి, మీరు చేసి చూపిస్తే చూస్తాడు, నేర్చుకోడు.

‘ఒక్కో మాట పదిసార్లు రాయి’ అని కూర్చోబెట్టకండి. పైనుంచి కిందికి ముందు అక్షరం గీతలన్నీ గీసి, తర్వాత వత్తులన్నీ వరుసగా తగిలిస్తాడు. నోటుబుక్కులో చూశాను. మాట ఒక్కసారీ నోట్లోకి రాదు. ట్యూషన్ పెట్టించాలనుకుంటే అక్కడ ప్రశ్నలు జవాబులు రాయిస్తారా, చదివిస్తారా అని అడిగి పెట్టించండి. రాయించేదైతే డబ్బు దండగ. కొట్టడం, చిన్నాన్న కొడుకుతో పోల్చడం ససేమిరా వద్దు. వీడు తప్పు చదివాననిపిస్తే గొంతు పూర్తిగా తగ్గించేసే పిల్లవాడు. భయపెడితే అసలు నోరే తెరవడు.

ఇంత చేసినా ఫిబ్రవరి చివరికి వత్తుల మాటలు 20లో 12 దాటకపోతే, మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచరు చేత ఒకసారి పరీక్ష చేయిద్దాం. దాంతో వాడి మీద ఏ ముద్రా పడదు. చదవడంలో వేరే ఇబ్బంది ఉందేమో తెలిస్తే నేర్పే తీరు మార్చుకోవచ్చు. ఇప్పుడే ఉందని గాని, లేదని గాని నేను చెప్పలేను, చెప్తే అబద్ధమవుతుంది.

చివరగా, ఇంత రాయడానికి అసలు కారణం. సంక్రాంతి తర్వాత మళ్లీ సుగ్గికి పోతారని పెద్దపాప చెప్పింది. ఈ ఒక్క ఏడాది వీరేశును అవ్వ దగ్గర ఇక్కడే ఉంచగలరేమో ఆలోచించండి. మధ్యాహ్నం భోజనం బడిలో ఉంటుంది. రాత్రి, పొద్దున భారమే అవ్వది. వలసపోయే ఇళ్ల పిల్లలకు సీజనల్ హాస్టల్ ఈసారి మన దగ్గర పెడతారా అని హెడ్‌మాస్టరు గారు మండల ఆఫీసులో అడుగుతున్నారు, తెలియగానే చెప్తాను. ఏదీ కుదరక తీసుకుపోవాల్సి వస్తే, పోయే ముందు నాకు చెప్పండి. అట్టలు, నాలుగు చీటీల పుస్తకం కట్టి ఇస్తాను, వారానికొకసారి ఫోన్‌లో చదివించి వింటాను. చెప్పకుండా మాత్రం పోవద్దు.

డిసెంబరు 6 శనివారం సాయంత్రం 4 గంటల తర్వాత బడిలోనే ఉంటాను. ఆ రోజు కూలి ఉంటే, పనికి పోయే ముందు పొద్దున ఏడున్నరకు బడి గేటు దగ్గరికి వచ్చినా సరే. ఇద్దరిలో ఒకరు వచ్చినా చాలు. వచ్చేటప్పుడు నోటుబుక్కు, ఆ ఆరు అట్టలు తీసుకురండి.

ఇట్లు,
వీరేశు తరగతి టీచరు