నెలవారీ కిరాయి ముగింపు, ఇల్లు ఖాళీ చేయడం గురించి నోటీసు

తేదీ: 24 జనవరి 2026, హనుమకొండ

పంపినవారు: గంప సత్యనారాయణ, రిటైర్డ్ స్కూల్ అసిస్టెంట్, ఇంటి నంబరు 2-4-618/ఎ, మొదటి అంతస్తు, నయీంనగర్, హనుమకొండ

శ్రీ ఎర్రోజు శ్రీనివాసాచారి గారికి, అదే ఇంటి కింది పోర్షన్

విషయం: మీరు నెలవారీ కిరాయికి ఉంటున్న కింది పోర్షన్‌ను 30 ఏప్రిల్ 2026లోపు ఖాళీ చేసి అప్పగించడం గురించి

శ్రీనివాస్ గారూ,

ఇల్లు కావాలన్న సంగతి మీతో ఇప్పటికి రెండుసార్లు మాట్లాడాను. మొదటిసారి దసరా తెల్లారి, మొన్న సంక్రాంతికి మళ్లీ. రెండుసార్లూ మీరు "చూద్దాం సార్" అన్నారు, నేనూ సరేనన్నాను. అలా నోటి మాటగానే నడిస్తే వేసవి వచ్చేస్తుంది, తారీఖు మాత్రం తేలదు. అందుకే ఈ కాగితం. ఇది చదివి సార్‌కు కోపం వచ్చిందనుకోకండి. మీ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఇందులో రాసిన తారీఖు మాత్రం ఖాయం.

ముందు మన మధ్య ఉన్న ఒప్పందం సంగతి. మీరు 1 జూన్ 2019న ఈ పోర్షన్‌లో దిగారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద 11 నెలలకు రాసుకున్నాం. కిరాయి నెలకు 7,500, అడ్వాన్సు రెండు నెలలది 15,000 రూపాయలు. ఆ గడువు 30 ఏప్రిల్ 2020తో అయిపోయింది. అప్పుడు లాక్‌డౌన్, బజారుకు పోయి కూరగాయలు తేవడమే కష్టంగా ఉంది, స్టాంపు కాగితం సంగతి ఎవరికి గుర్తుంటుంది? మళ్లీ రాసుకోలేదు. మీరు ఉంటూ వచ్చారు, నేను నెలనెలా కిరాయి తీసుకుంటూ వచ్చాను. కాబట్టి అప్పటినుంచి ఇది నెలవారీ కిరాయే. నెల ఒకటో తారీఖున మొదలై ఆఖరి రోజుతో ముగుస్తుంది. ఇప్పుడు కిరాయి 9,500. అడ్వాన్సు మాత్రం పాతదే, పెంచమని నేను అడగలేదు.

ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 106వ సెక్షన్ ప్రకారం ఇలాంటి నెలవారీ కిరాయిని ముగించడానికి 15 రోజుల రాతపూర్వక నోటీసు చాలు. పదిహేను రోజుల్లో ఇద్దరు పిల్లలతో ఇల్లు వెతుక్కుని సామాను సర్దుకోవడం ఎవరివల్లా కాదు. అందుకే మూడు నెలలకు పైగా గడువు ఇస్తున్నాను. మీ కిరాయిదారీ 30 ఏప్రిల్ 2026, గురువారంతో ముగుస్తుంది. ఆ రోజు సాయంత్రంలోపు ఇల్లు ఖాళీ చేసి తాళంచెవులు నాకు అప్పగించవలసిందిగా ఈ నోటీసు ద్వారా తెలియజేస్తున్నాను.

ఇంత అవసరం ఎందుకొచ్చిందో మీకు కొంత తెలుసు. డిసెంబరులో మా ఇంటావిడకు కుడి మోకాలి ఆపరేషన్ అయింది. ఎడమది మే నెలాఖరులో చేస్తామన్నారు. మన మెట్లు పద్దెనిమిది. పదకొండో మెట్టు దగ్గర మలుపులో పట్టుకోవడానికి రెయిలింగు లేదు, గోడే ఆధారం. ఆవిడ చెయ్యి ఆనించీ ఆనించీ అక్కడ సున్నం అరచెయ్యంత మేర నల్లబడింది, పైకి వచ్చినప్పుడు మీరూ చూసే ఉంటారు. ఇప్పుడు వారానికి ఒక్కసారి, ఫిజియోథెరపీకి వెళ్లే రోజు మాత్రమే దిగుతోంది. దిగడానికి పావుగంట, ఎక్కడానికి అరగంట. రెండో ఆపరేషన్ అయ్యేసరికి మేము కింద ఉండాలి.

పై భాగం మాకివ్వండి, మేము పైకి మారతాం అని మీరు సంక్రాంతి నాడు అడిగారు. న్యాయమైన మాటే, వీలైతే అలాగే చేసేవాణ్ణి. కానీ మా అబ్బాయి పుణె నుంచి బదిలీ చేయించుకుని, జూన్‌లో బడులు తెరిచేలోపు కుటుంబంతో వస్తున్నాడు. పైన వాళ్లు ఉంటారు. మిమ్మల్ని పంపించి ఎక్కువ కిరాయికి ఇంకొకరికి ఇవ్వాలన్న ఆలోచన నాకు లేదు. టులెట్ బోర్డు పెట్టను, ఇల్లు చూడటానికి ఎవరినీ మీ గుమ్మంలోకి తీసుకురాను. ఒక్కటే, బాత్‌రూంలో కమోడు, గుమ్మం దగ్గర ర్యాంపు కోసం మేస్త్రీ కొలతలు తీసుకోవాలి. అది ఏదో ఒక ఆదివారం గంటసేపు, మీకు ముందురోజు చెప్పి.

ఏప్రిల్ 30 అనే తారీఖు లెక్క చూసే పెట్టాను. మీ పెద్దమ్మాయి పదో తరగతి. పరీక్షలు ఏప్రిల్ సగం దాకా ఉంటాయి, అప్పటివరకు ఆ అమ్మాయి చదువుకునే అర్ర కదలకూడదు. ఉగాది మార్చి 19న, వైశాఖం ఏప్రిల్ మూడో వారంలో మొదలవుతుంది. మే 17 నుంచి అధిక జ్యేష్ఠం. అధికమాసంలో కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి మీ అమ్మగారు ఒప్పుకోరని నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఒప్పుకోరు. పరీక్షలు అయ్యాక, అధికమాసం రాకముందు మీకు మంచి రోజులు దొరుకుతాయి. మీరు చూసుకున్న ముహూర్తం మే మొదటి వారంలో పడితే, ఏప్రిల్ 15లోపు నాకు రాసి ఇవ్వండి. మే 10, ఆదివారం వరకు ఆగుతాను. ఆ పది రోజులకు డబ్బు తీసుకోను. అది మర్యాద కోసం ఇచ్చే వెసులుబాటే, కిరాయి పొడిగింపు కాదు.

ఇక డబ్బు లెక్క. జనవరి వరకు కిరాయి ముట్టింది, ఒక్క నవంబరు తప్ప. ఆ నెల షాపు సరుకు వచ్చిందని 5,000 ఇచ్చి, మిగతా 4,500 తర్వాత ఇస్తామన్నారు. అది అడ్వాన్సులో పట్టుకుందాం. 15,000లో 4,500 పోతే 10,500 నేను మీకు ఇవ్వాలి. కొత్త ఇంటివాళ్లు ముందే అడ్వాన్సు అడుగుతారు, నా దగ్గర మీ డబ్బు ఆగిపోతే మీకు ఇబ్బంది. అందుకే ఇల్లు కుదిరిందని చెప్పిన రోజే అందులో 5,500 ఇస్తాను. మిగిలిన 5,000 తాళంచెవులు ఇచ్చిన రోజు, అక్కడికక్కడే, చివరి కరెంటు బిల్లు చూసుకుని. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ కిరాయిలు మాత్రం ఎప్పటిలాగే ఐదో తారీఖులోపు ఇవ్వండి, వాటిని అడ్వాన్సులో కలపొద్దు. నల్లా బిల్లు, ఇంటి పన్ను నావే.

ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చుకని నెల కిరాయి కోసుకోవడం మన దగ్గర చాలామంది చేస్తారు. నేను కోయను. దాదాపు ఏడేళ్లు మనుషులున్న ఇంటి గోడలు మాసిపోతాయి, వాడుకలో వచ్చే అరుగుదల కిరాయిదారు మీద వేయడానికి లేదని చట్టమూ అంటోంది. బాత్‌రూం తలుపు కింద చెక్క పుచ్చిపోవడం కూడా నా ఖాతానే, రెండేళ్ల కిందటే మార్చాల్సింది. మీరు చేయాల్సిన పని ఒక్కటి: పడమటి అర్రలో ఏసీ కోసం గోడకు కొట్టిన రంధ్రాన్ని సిమెంటుతో పూడ్పించండి, వానకు ఆ గోడ చెమ్మగిల్లుతోంది. మూడు సీలింగ్ ఫ్యాన్లు ఇంటివి. గీజరు, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను, ఇన్వర్టరు మీవి, తీసుకెళ్లండి. వరండాలో ఉన్న షాపు అట్టపెట్టెలు కూడా. తాళంచెవులు మూడు ఇచ్చాను, ఒకటి పోయిందని 2022లో చెప్పారు, కాబట్టి రెండు ఇస్తే చాలు. మెట్ల పక్కన చెల్లె పెట్టిన మల్లెతీగ గురించి మా ఇంటావిడ చెప్పమంది: అంటు కట్టి తీసుకెళ్లమని, మొదలు మాత్రం పీకొద్దని.

అప్పగించే రోజు మీటరు రీడింగ్ ఇద్దరం కలిసి ఫోనులో ఫొటో తీసుకుందాం. గ్యాస్, ఆధార్, బ్యాంకు కాగితాల్లో అడ్రసు మార్చుకోవడం మరిచిపోకండి. పాత కిరాయిదారు పేరున నాకు ఇప్పటికీ ఉత్తరాలు వస్తున్నాయి.

కొంచెం కటువైన మాట కూడా రాయక తప్పదు. ఏప్రిల్ 30 తర్వాత, లేదా పైన చెప్పిన విధంగా రాసి ఇచ్చి గడువు తీసుకుంటే మే 10 తర్వాత, మీరు ఈ ఇంట్లో ఉండటం నా అనుమతితో ఉన్నట్టు కాదు. ఆపైన ఉన్న ప్రతి రోజుకూ 500 రూపాయల చొప్పున వాడుక పరిహారం కోరతాను. కిరాయిదారీ ముగిశాక మీరు నా ఖాతాలో ఏ మొత్తం వేసినా అది ఆ పరిహారం కిందే జమ అవుతుంది. కిరాయిగా తీసుకున్నట్టు గానీ, ఈ నోటీసును వదులుకున్నట్టు గానీ కాదు. అప్పటికీ ఖాళీ చేయకపోతే హనుమకొండ సివిల్ కోర్టులో దావా వేస్తాను, ఖర్చులు మీమీదే కోరతాను. మన ఊరు మున్సిపల్ కార్పొరేషన్, కిరాయి నెలకు 3,500 దాటింది కాబట్టి కిరాయి నియంత్రణ చట్టం దీనికి వర్తించదని కూడా తెలుసుకోండి. అయితే నీళ్లు ఆపడం, కరెంటు తీయించడం, గేటుకు తాళం వేయడం లాంటి పనులు ఈ ఇంట్లో జరగవు. అది నాకు చేతకాదు, చేయకూడదు కూడా.

ఇల్లు వెతకడంలో నావల్ల అయ్యే సాయం చేస్తాను. కాకాజీ కాలనీలో, వడ్డేపల్లి వైపు నా పాత విద్యార్థులు ఉన్నారు, రెండు పడకగదుల ఇళ్లు ఖాళీ అయితే చెప్పమన్నాను. కొత్త ఇంటివాళ్లు మీ గురించి అడిగితే నాకు ఫోను చేయమనండి, ఉన్నదే చెబుతాను, అది మీకు మేలే చేస్తుంది.

ఈ నోటీసు రెండు ప్రతులు. ఒకటి ఈ రోజు మీ చేతికి ఇస్తున్నాను. ఇంకొకటి అందినట్టు రసీదు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఒకే గేటు ఇంట్లో పోస్టేమిటని నవ్వుకుంటారేమో, నా పద్ధతి నాది. చేతికి ఇచ్చిన ప్రతి జిరాక్సు మీద, ముట్టినట్టు తారీఖు వేసి సంతకం చేసి నాకు ఇవ్వండి. మీరు ఇంట్లో లేకపోతే చెల్లె తీసుకున్నా సరే.

ఇంటి వివరం: వరంగల్ మహానగరపాలక సంస్థ పరిధి, హనుమకొండ నయీంనగర్, ఇంటి నంబరు 2-4-618/ఎలో కింది అంతస్తు. హాలు, రెండు పడకగదులు, వంటగది, బాత్‌రూం, ముందు వరండా. తూర్పున 20 అడుగుల రోడ్డు, పడమర ఇతరుల ఇల్లు, ఉత్తరాన మెట్లు, బోరు ఉన్న ఖాళీ స్థలం, దక్షిణాన ఇతరుల ప్రహరీ గోడ. బోరు, ఖాళీ స్థలం ఇద్దరి వాడుకలో ఉన్నవే.

ఇట్లు,
గంప సత్యనారాయణ
(సంతకం)
ఇంటి యజమాని