ప్రశ్న, జవాబు: రేడియేటివ్ ఫోర్సింగ్, భూతాప సామర్థ్యం

ప్రశ్న (15 మార్కులు)

ఒక కర్మాగారం ఏడాదిలో 10,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్, 200 టన్నుల మీథేన్, 10 టన్నుల నైట్రస్ ఆక్సైడ్, 100 కిలోల సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ గాలిలోకి వదిలింది.

(అ) రేడియేటివ్ ఫోర్సింగ్, భూతాప సామర్థ్యం (జీడబ్ల్యూపీ) మధ్య తేడా ఏమిటి?
(ఆ) 100 ఏళ్ల, 20 ఏళ్ల కాలపరిమితుల్లో ఈ ఉద్గారాలను పోల్చండి. మీథేన్ విలువ ఎందుకు మారుతుందో లెక్కతో చూపండి.
(ఇ) "మీథేన్ 28 రెట్లు శక్తిమంతమైనది కాబట్టి ఇప్పటివరకు భూమి వేడెక్కడంలో దానిదే పెద్ద వాటా." ఈ వాక్యం సరైనదేనా?

ఐపీసీసీ 5వ నివేదిక విలువలు వాడండి.

జవాబు

(అ) సూర్యుడి నుంచి భూమికి చేరే శక్తి, భూమి నుంచి అంతరిక్షంలోకి తిరిగి వెళ్లే శక్తి సమానంగా ఉన్నంత కాలం సగటు ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది. గ్రీన్‌హౌస్ వాయువులు పెరిగితే బయటికి పోవాల్సిన పరారుణ వికిరణంలో కొంత ఆగిపోయి, ఆ సమతుల్యం దెబ్బతింటుంది. అలా ఎంత తేడా వచ్చిందో చదరపు మీటరుకు ఇన్ని వాట్లని చెప్పేదే రేడియేటివ్ ఫోర్సింగ్. దీన్ని సాధారణంగా 1750 నాటి స్థితితో పోల్చి, ట్రోపోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్ కలిసే సరిహద్దు అయిన ట్రోపోపాజ్ దగ్గర లెక్కిస్తారు. విలువ ధనాత్మకమైతే భూమి వేడెక్కుతుంది, రుణాత్మకమైతే చల్లబడుతుంది. గాలిలో తేలే సల్ఫేట్ రేణువుల ఫోర్సింగ్ రుణాత్మకం.

కార్బన్ డయాక్సైడ్‌కు వాడే సూత్రం ఇది:

```
ΔF = 5.35 × ln(C/C0)
```

1750లో గాఢత C0 278 పీపీఎం, అంటే పది లక్షల అణువుల్లో 278; 2011లో గాఢత C 391 పీపీఎం. ln(391/278) = 0.341, కాబట్టి ΔF = 1.82 వాట్లు. ఇక్కడ సంవర్గమానం ఉందని మరిచిపోకూడదు. 278 దగ్గర ఒక పీపీఎం పెరిగితే ఫోర్సింగ్ 0.019 వాట్లు పెరిగేది, 391 దగ్గర అదే ఒక పీపీఎంకు 0.014 మాత్రమే పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ పీల్చుకునే తరంగదైర్ఘ్యాల్లో చాలా భాగం ఇప్పటికే నిండిపోయి ఉండటమే దీనికి కారణం.

జీడబ్ల్యూపీ వేరే ప్రశ్నకు జవాబు చెబుతుంది. ఈ రోజు ఒక కిలో వాయువు వదిలితే, రాబోయే H ఏళ్లలో దానివల్ల కలిగే ఫోర్సింగ్ మొత్తం, ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వల్ల కలిగేదానికి ఎన్ని రెట్లు?

```
GWP(H) = AGWP_x(H) / AGWP_CO2(H)
```

AGWP అంటే ఆ H ఏళ్ల ఫోర్సింగ్ సంకలనం. జీడబ్ల్యూపీ నిష్పత్తి కాబట్టి దానికి ప్రమాణం లేదు. ఫోర్సింగ్‌ను వాయువు గాఢతలో ఇప్పటికే వచ్చిన మార్పుకు లెక్కిస్తాం, జీడబ్ల్యూపీని కొత్తగా వదిలే కిలోకు. ఈ ఒక్క తేడా పట్టుబడితే మిగతాదంతా సులువే.

(ఆ) ద్రవ్యరాశిని జీడబ్ల్యూపీతో గుణిస్తే కార్బన్ డయాక్సైడ్ సమాన టన్నులు వస్తాయి.

100 ఏళ్లకు:

```
CO2    10,000 × 1       = 10,000
CH4       200 × 28      =  5,600
N2O        10 × 265     =  2,650
SF6       0.1 × 23,500  =  2,350
మొత్తం                     20,600
```

20 ఏళ్లకు:

```
CO2    10,000 × 1       = 10,000
CH4       200 × 84      = 16,800
N2O        10 × 264     =  2,640
SF6       0.1 × 17,500  =  1,750
మొత్తం                     31,190
```

చిమ్నీ నుంచి వచ్చిన వాయువు అంతే ఉంది. కాలపరిమితి మారేసరికి మొదటి స్థానం కార్బన్ డయాక్సైడ్ నుంచి మీథేన్‌కు వెళ్లింది.

ఇలా ఎందుకైందో చూద్దాం. గాలిలో ఒక పీపీబీ, అంటే వంద కోట్ల అణువుల్లో ఒకటి, పెరిగితే మీథేన్ ఇచ్చే ఫోర్సింగ్ 3.63 × 10⁻⁴ వాట్లు, కార్బన్ డయాక్సైడ్ ఇచ్చేది 1.37 × 10⁻⁵. అంటే అణువుకు అణువు లెక్కన 26.5 రెట్లు. 28కి దగ్గరగా ఉందని దీన్నే జీడబ్ల్యూపీ అనుకుంటే పొరపాటు, ఆ దగ్గరతనం కాకతాళీయం. కిలోకు కిలో పోల్చాలంటే అణుభారాల నిష్పత్తి 44/16తో గుణించాలి, అప్పుడు దాదాపు 73 రెట్లు. మీథేన్ వల్ల ఓజోన్, స్ట్రాటోస్ఫియర్‌లో నీటి ఆవిరి కూడా పెరుగుతాయి, అందుకు ఇంకో 65 శాతం కలపాలి. అంటే వదిలిన క్షణంలో మీథేన్ సుమారు 120 రెట్లు బలమైనది.

కానీ దాని ఆయుష్షు 12.4 ఏళ్లే. కిలోకు ఫోర్సింగ్ 2.105 × 10⁻¹³ అనుకుంటే:

```
AGWP_CH4(H)   = 2.105e-13 × 12.4 × (1 − e^(−H/12.4))
AGWP_CH4(20)  = 2.09e-12
AGWP_CH4(100) = 2.61e-12

AGWP_CO2(20)  = 2.49e-14
AGWP_CO2(100) = 9.17e-14

GWP(20)  = 2.09e-12 / 2.49e-14 ≈ 84
GWP(100) = 2.61e-12 / 9.17e-14 ≈ 28
```

లవం 20 ఏళ్లకే దాదాపు పూర్తయింది, తర్వాతి 80 ఏళ్లలో పెరిగింది కాస్తే. హారం మాత్రం అదే కాలంలో మూడున్నర రెట్లకు పైగా పెరిగింది. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 40 శాతం వందేళ్ల తర్వాత కూడా గాలిలోనే ఉంటుంది, దానికి ఒకే ఆయుష్షు అంటూ చెప్పలేం. మీథేన్ విలువ 84 నుంచి 28కి పడిపోయింది మీథేన్ బలహీనపడినందుకు కాదు, పోలికలో పక్కనున్న వాయువు పని ఆపనందుకు.

నైట్రస్ ఆక్సైడ్ ఆయుష్షు 121 ఏళ్లు. వందేళ్ల దాకా అది కార్బన్ డయాక్సైడ్‌తో ఇంచుమించు సమానంగా నడుస్తుంది కాబట్టి 264, 265 మధ్య తేడా లేనట్టే. 3,200 ఏళ్లు నిలిచే సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ విలువ ఎదురుగా పెరుగుతుంది.

ఏ పరిమితి తీసుకోవాలనేది విజ్ఞానశాస్త్రం తేల్చే విషయం కాదు, అది విధాన నిర్ణయం. పారిస్ ఒప్పందం కింద దేశాలు ఇచ్చే లెక్కలకు 100 ఏళ్ల విలువలే ప్రామాణికం. ఒక్క 100 ఏళ్ల మొత్తమే చూపితే మీథేన్ లీకేజీని ఆపడం వల్ల త్వరగా వచ్చే లాభం కనబడదని నా అభిప్రాయం, అందుకే పైన రెండూ ఇచ్చాను.

(ఇ) సరైనది కాదు. 28 అనేది కిలోకు వర్తించే నిష్పత్తి. ఇప్పటివరకు ఎంత వేడెక్కిందన్నది గాలిలో పెరిగిన గాఢతల మీద ఆధారపడుతుంది. 1750 నుంచి 2011 వరకు ఫోర్సింగ్:

```
CO2           1.82 W/m2
CH4           0.48 W/m2
హాలోకార్బన్లు   0.36 W/m2
N2O           0.17 W/m2
```

కార్బన్ డయాక్సైడ్ 113 పీపీఎం పెరిగితే, మీథేన్ 722 పీపీబీ నుంచి 1,803 పీపీబీకి పెరిగింది, అంటే ఒక పీపీఎం పైచిలుకు మాత్రమే. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌ను చూస్తే వాదన ఇంకా తేటపడుతుంది. 23,500 జీడబ్ల్యూపీ ఉన్నా గాలిలో దాని గాఢత లక్ష కోట్ల అణువుల్లో 7 మాత్రమే, ఫోర్సింగ్ 0.004 వాట్లు.

అయితే ఆ వాక్యం రాసినవారి వైపు ఒక మాట చెప్పాలి. 0.48 అనేది గాలిలో ఉన్న మీథేన్‌ది మాత్రమే. మీథేన్ ఉద్గారాల వల్ల పుట్టిన ఓజోన్, నీటి ఆవిరి, చివరికి అది ఆక్సీకరణం చెంది మిగిల్చే కార్బన్ డయాక్సైడ్ కూడా దాని ఖాతాలోనే వేస్తే 0.97 వాట్లు అవుతుంది. అప్పుడు కూడా కార్బన్ డయాక్సైడే ముందుంటుంది.