వారం మెనూ: 1800 క్యాలరీలు, 100 గ్రాముల ప్రోటీన్

ఒరేయ్ తమ్ముడూ, అడిగావు కదా, ఇదిగో. ముందే చెప్తున్నా, వట్టి పప్పుతో 100 రాదు, అలా రావాలంటే రోజుకి 450 గ్రాముల కందిపప్పు తినాలి, క్యాలరీలన్నీ దానికే అయిపోతాయి. అందుకే మీల్ మేకర్, పనీర్, పౌడర్ కలిపా. కొలతలన్నీ వండకముందువి, ఉడికాక తూస్తే లెక్క తప్పుతుంది.

రోజూ ఉండేవి: పొద్దున 250 మి.లీ. టోన్డ్ పాలల్లో వే ప్రోటీన్ ఒక స్కూప్, మధ్యాహ్నం 200 గ్రాముల పెరుగు, సాయంత్రం 40 గ్రాముల శనగలతో గుగ్గిళ్ళు. వీటితోనే 46 గ్రాములు వచ్చేస్తుంది. నూనె రోజుకి 4 టీ స్పూన్లే, సీసా ఎత్తి పొయ్యకు. నేను "అన్నం పప్పు" అని రాస్తే బియ్యం 60, కందిపప్పు 40, పక్కన ఏదో ఒక కూర.

సోమ: 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, అల్లం పచ్చడి. అన్నం, టమాటా పప్పు, బీరకాయ. రాత్రి 2 పుల్కాలు, 50 గ్రాముల మీల్ మేకర్ కూర. ఒక అరటిపండు.

మంగళ: 3 ఇడ్లీ, గట్టి సాంబారు. అన్నం, దోసకాయ పప్పు. రాత్రి 2 పుల్కాలు, 120 గ్రాముల పనీర్ బుర్జీ. పండు వద్దు, పనీర్‌లో కొవ్వు ఎక్కువ.

బుధ: 60 గ్రాముల శనగపిండితో ఉల్లిపాయ అట్టు. అన్నం పప్పు, బెండకాయ. రాత్రి 2 పుల్కాలు, 200 గ్రాముల టోఫు.

గురు: మళ్ళీ పెసరట్టే, పిండి ముందే రుబ్బి పెట్టుకో. మధ్యాహ్నం మీల్ మేకర్ పలావు (బియ్యం 60, మీల్ మేకర్ 50). రాత్రి పప్పు, 2 పుల్కాలు. ఒక జామకాయ.

శుక్ర: శనగపిండి అట్టు. అన్నం, పాలకూర పప్పు. రాత్రి రాజ్మా 60, పనీర్ 50, ఒక్క పుల్కా.

శని: నీకు ఒంటిపూట కదా, రాత్రి పలహారంగా పెసరట్లే. పొద్దున శనగపిండి అట్టు, మధ్యాహ్నం అన్నం పప్పు, పక్కన 50 గ్రాముల మీల్ మేకర్ వేపుడు.

ఆది: ఇడ్లీ సాంబారు, మధ్యాహ్నం పనీర్ బిర్యానీ (బియ్యం 70, పనీర్ 100), రాత్రి పప్పు పుల్కా. ఇవాళ 95 దగ్గర ఆగుతుంది, పర్లేదు, బిర్యానీ కోసం ఆమాత్రం వదిలెయ్యొచ్చు.

మార్చుకోవాలంటే: వే అయిపోతే 45 గ్రాముల మీల్ మేకర్ అదనంగా. పాలు పడకపోతే సోయా పాలు, కానీ చక్కెర లేనివి. 100 గ్రాముల పనీర్ బదులు 150 గ్రాముల టోఫు, క్యాలరీలు కూడా తగ్గుతాయి. గుగ్గిళ్ళు చేసే ఓపిక లేకపోతే 40 గ్రాముల పుట్నాలు జేబులో వేసుకుని ఆఫీసుకి పో. పుల్కాకి బదులు జొన్న రొట్టె, ఏం తేడా రాదు.

మీల్ మేకర్ వాసన వస్తుందని ఏడవకు, ఉప్పు వేసిన వేణ్ణీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి, ఆ నీళ్ళు పారబోసి ఇంకోసారి కడుగు, తర్వాతే పోపులో వెయ్యి. ఇంకోటి, అలవాటు లేకుండా ఒక్కసారిగా ఇన్ని శనగలు తింటే గ్యాస్ పట్టేస్తుంది, మొదటి వారం సగమే తిను. నీళ్ళు బాగా తాగు.